పేరు వాళ్లది, పెట్టుబడి మనది

మా అక్క కూతురు బీకామ్ చివరి సంవత్సరం చదువుతోంది. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే కాలేజీలో ఇచ్చిన అసైన్‌మెంటు ముందేసుకుని కూర్చుంది. వ్యాపారాన్ని విస్తరించే మార్గంగా ఫ్రాంచైజీ గురించి రాయాలి. ఇచ్చేవాడికి లాభాలేంటి, నష్టాలేంటి, తీసుకునేవాడికి లాభాలేంటి, నష్టాలేంటి అని నాలుగు గళ్లు గీసింది. ఒక్కో గడిలో అయిదేసి పాయింట్లు. అన్నీ సరైనవే. కానీ ఒక గడికీ పక్క గడికీ మాట కలవడం లేదు.

అదే ఇంట్లో ఇంకో గదిలో మా బావ ఓ టీ కంపెనీ వాళ్ల కాగితాలు చూసుకుంటున్నాడు. ఉద్యోగం నుంచి ముందుగానే బయటికొచ్చి, చేతికందిన డబ్బులో కొంత పెట్టి బస్టాండు దగ్గర ఆ కంపెనీ బోర్డుతో షాపు పెడదామని ఆలోచన. కూతురు మార్కుల కోసం రాస్తున్నదీ, తండ్రి లక్షలు పెట్టబోతున్నదీ ఒకే విషయం. అందుకని ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ రెండు రోజుల్లో తేలిన లెక్కే ఈ వ్యాసం.

కళ్లం దగ్గర వాటా

ఫ్రాంచైజీ అంటే ఒకరి పేరు, పద్ధతి, బోర్డు వాడుకుని ఇంకొకరు తమ డబ్బుతో వ్యాపారం చేయడం. మొదట్లో ఒక ఫీజు కడతారు. ఆ తర్వాత నెలనెలా రాయల్టీ కడతారు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అసలు సంగతి ఆ రాయల్టీని దేని మీద లెక్క కడతారన్న దగ్గర ఉంది. సాధారణంగా లాభం మీద కాదు, అమ్మకం మీద.

పొలం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. పాలుకి చేసే రైతు కళ్లంలో గింజ రాశి పోయగానే ఆసామి తన వాటా కొలుచుకుని తీసుకెళ్తాడు. ఎరువులకెంతైంది, కూలీలకెంతైంది అన్నది రైతు లెక్క. పంట తగ్గితే ఆసామికీ గింజలు తగ్గుతాయి, నిజమే. కానీ అప్పు మిగిలేది రైతుకే. ఫ్రాంచైజీలో కంపెనీ ఆసామి, షాపు పెట్టినవాడు పాలుకి చేసే రైతు. ఈ ఒక్క పోలిక పట్టుకుంటే నాలుగు గళ్లలో పాయింట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

రే క్రాక్ నేర్చుకున్న పాఠం

పెరగాలనుకునే కంపెనీ వైపు నుంచి చూడడానికి మెక్‌డొనాల్డ్స్ కథను మించింది లేదు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు డిక్, మ్యాక్ 1948లో తమ హోటల్ని కొన్నాళ్లు మూసి, పద్ధతంతా మార్చి మళ్లీ తెరిచారు. వంటకాలు తగ్గించారు. వడ్డించేవాళ్లని తీసేశారు. వంటగదిలో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించారు. హాంబర్గర్ ధర 15 సెంట్లు చేశారు. జనం బారులు తీరారు.

1954లో మిల్క్‌షేక్ మెషీన్లు అమ్ముకునే రే క్రాక్ అనే ఆయన, ఒక్క హోటల్‌కి అన్ని మెషీన్లు ఎందుకు కావాల్సొచ్చాయో చూద్దామని అక్కడికి వెళ్లాడు. వయసు యాభై దాటింది. ఆ పద్ధతిని అమెరికా అంతా అమ్మే హక్కు తీసుకుని, 1955 ఏప్రిల్‌లో షికాగో దగ్గర డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి షాపు తెరిచాడు. షాపు పెట్టేవాళ్ల దగ్గర మొదటి ఫీజు 950 డాలర్లు, అమ్మకం మీద 1.9 శాతం తీసుకునేవాడు. అందులో 0.5 శాతం సోదరులకి వెళ్లేది. ఆయనకి మిగిలేది 1.4 శాతం.

షాపులు పెరుగుతున్నాయి, క్రాక్ చేతిలో మాత్రం డబ్బాడడం లేదు. ఆ 1.4 శాతంతోనే కొత్త స్థలాలు వెతకాలి, శిక్షణ ఇవ్వాలి, ప్రతి షాపూ శుభ్రంగా ఉందో లేదో చూడడానికి మనుషుల్ని పంపాలి. 'వేరేవాళ్ల పెట్టుబడితో పెరగొచ్చు' అన్నది కంపెనీకి లాభాల గడిలో మొదటి పాయింటు. దాని వెనకే ఉన్న నష్టం ఇది. షాపు లాభమంతా పెట్టినవాడిది, కంపెనీకి వచ్చేది సన్నని ధార. ఆ ధారతోనే అందరినీ ఒక పద్ధతిలో నడపాలి.

దారి చూపించింది ఆయన దగ్గర పనిచేసిన హ్యారీ సానబోర్న్. 1956లో స్థలాల కోసమే వేరే కంపెనీ పెట్టారు. స్థలం ముందు తాము లీజుకి తీసుకుని, షాపు పెట్టేవాడికి ఎక్కువ అద్దెకి ఇచ్చేవాళ్లు. నెలకింత అని స్థిరమైన అద్దె, లేదా అమ్మకంలో కొంత శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. మన భాషలో చెప్పాలంటే కౌలు గానీ పాలు గానీ, ఆసామికి ఏది లాభమైతే అది. ఆదాయం స్థిరపడింది. దానికన్నా ముఖ్యంగా పట్టు చిక్కింది. పద్ధతి పాటించనివాడి లీజు రద్దు చేయొచ్చు. 1961లో సోదరులకి 27 లక్షల డాలర్లిచ్చి పేరు, పద్ధతి మొత్తం క్రాక్ కొనేసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలోని మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో దాదాపు 95 శాతం ఇతరుల చేతుల్లో నడుస్తున్నవే.

ఇక్కడ ఇంకో లాభం చెప్పుకోవాలి. సొంత డబ్బు పెట్టినవాడు జీతగాడిలా ఉండడు, తన ఊరి నాడి పట్టుకుంటాడు. సిన్సినాటిలో లూ గ్రోన్ అనే ఫ్రాంచైజీ యజమాని ఉండేవాడు. ఆయన పేటలో ఎక్కువమంది కాథలిక్కులు. అప్పట్లో వాళ్లు శుక్రవారం మాంసం ముట్టేవాళ్లు కాదు, ఆరోజు షాపు వెలవెలపోయేది. 1962లో ఆయన చేపతో ఒక శాండ్‌విచ్ చేశాడు. క్రాక్‌కి మొదట నచ్చలేదు, ఒప్పుకోక తప్పలేదు. ఫిలే-ఓ-ఫిష్ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నది అదే. బిగ్ మ్యాక్ కూడా పెన్సిల్వేనియాలో జిమ్ డెలిగాటి అనే ఫ్రాంచైజీ యజమాని ఆలోచనే. అయితే ఆ రెండూ ఎవరి సొత్తయ్యాయో గమనించాలి. రెండూ కంపెనీ మెనూలో చేరిపోయాయి.

పొత్తు చెడితే

అదే కంపెనీకి మన దేశంలో వేరే అనుభవం ఎదురైంది. 1996లో ఇక్కడికి వచ్చినప్పుడు దేశాన్ని రెండుగా పంచుకున్నారు. ఉత్తరం, తూర్పు విక్రమ్ బక్షితో చెరిసగం వాటాగా పెట్టిన కన్నాట్ ప్లాజా రెస్టారెంట్స్ చూసేది. పడమర, దక్షిణం అమిత్ జటియాకి చెందిన హార్డ్‌కాజిల్ రెస్టారెంట్స్ చూసేది. మన తెలుగు రాష్ట్రాల్లో షాపులు ఈ రెండో భాగంలోవే.

ఉత్తరాదిలో 2013లో బక్షిని మేనేజింగ్ డైరెక్టర్ పదవి నుంచి తప్పించడంతో తగాదా మొదలైంది. వ్యవహారం కంపెనీ లా బోర్డుకి, తర్వాత ట్రైబ్యునల్‌కి వెళ్లింది. 2017 జూన్ చివర్లో లైసెన్సుల గడువు తీరి ఢిల్లీలో 43 షాపులు మూతపడ్డాయి. జులైలో ట్రైబ్యునల్ బక్షిని తిరిగి పదవిలో కూర్చోబెట్టింది. ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ 169 షాపుల ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు చెప్పింది. ఒప్పందం రద్దయితే పేరు, మెనూ, గుర్తులు వాడకూడదు. చివరికి 2019 మేలో రాజీ కుదిరి, బక్షి వాటాని మెక్‌డొనాల్డ్స్ కొనుక్కుంది. తప్పెవరిదన్నది పక్కన పెడదాం. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి బోర్డు తప్ప వెనకాల ఎవరున్నారో తెలియదు. పొత్తు చెడితే రెండు వైపులా ఏళ్లు పోతాయి, పేరు పోతుంది.

బావ లెక్క

ఇప్పుడు తీసుకునేవాడి వైపుకొద్దాం. కంపెనీ ఇచ్చిన కాగితాల్లో 'నెలకి 3 లక్షల అమ్మకం' అని ఉంది. దాన్నే నమ్మి లెక్క వేశాం.

పెట్టుబడి ఇలా తేలింది. ఫ్రాంచైజీ ఫీజు 3 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 54 వేలు. కౌంటర్, మెషీన్లు, లోపలి పనులకి 9 లక్షలు. షాపు అడ్వాన్సు లక్షన్నర. మొదటి సరుకు, లైసెన్సులు లక్ష. మొత్తం 15 లక్షల పైచిలుకు. అందులో 8 లక్షలు బ్యాంకు అప్పు. అయిదేళ్లకి 11 శాతం వడ్డీతో నెలకి 17,400 వాయిదా.

ఇక నెల ఖర్చు. సరుకంతా కంపెనీ దగ్గరే కొనాలి, అది అమ్మకంలో 40 శాతం, అంటే 1,20,000. అద్దె 30,000. నలుగురు మనుషులకి జీతాలు 52,000. కరెంటు 14,000. వృథా, రిపేర్లు, చిల్లర ఖర్చులు 12,000. రాయల్టీ 5 శాతం, ప్రచారానికి 2 శాతం కలిపి 21,000. ఆ 21,000 మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 3,780. అయిదు శాతం జీఎస్టీ పద్ధతిలో నడిచే హోటళ్లకి తాము కట్టిన పన్నుని తిరిగి తగ్గించుకునే వీలుండదు. అందుకని ఆ 3,780 అచ్చంగా ఖర్చే. కంపెనీ కాగితంలో ఈ వరస లేదు.

అన్నీ పోగా మిగిలింది 47,220. వాయిదా కడితే దాదాపు 29,800. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు బావ కష్టానికి జీతం ఇంకా లెక్కేయలేదు.

"మామయ్యా, అమ్మకం కొంచెం తగ్గితే?" అంది మేనకోడలు. ఇరవై శాతం తగ్గించి చూశాం. అమ్మకం 2,40,000. సరుకు, రాయల్టీ తగ్గుతాయి. అద్దె, జీతాలు, కరెంటు తగ్గవు. మిగిలింది 16,176. కంపెనీ రాయల్టీ 15 వేల నుంచి 12 వేలకి, అంటే అయిదో వంతు తగ్గింది. బావ చేతికి వచ్చేది మాత్రం మూడింట రెండొంతులు పోయింది. అప్పు వాయిదాకి కూడా చాలదు.

తిరగేసి చూస్తే, ఖర్చులకీ రాబడికీ సరిపోవాలంటే నెలకి 2,08,700 అమ్మాలి. రోజుకి 7 వేలకి దగ్గర. వాయిదా కూడా కట్టాలంటే రోజుకి 8 వేల పైన. ఒక్కో మనిషి సగటున పాతిక రూపాయల బిల్లు చేస్తాడనుకుంటే రోజూ 320 మందికి పైగా లోపలికి రావాలి. వానలోనూ, పండగ మర్నాడూ, బంద్ రోజూ.

దీనికి బదులుగా బావకి దక్కేవి చిన్నవి కావు. టీ పొడి పాళ్లు, పాల లెక్క, మెషీన్ల ఎంపిక, మనుషులకి శిక్షణ, పది ఊళ్లలో తప్పులు చేసి దిద్దుకున్న పద్ధతి, అన్నీ సిద్ధంగా వస్తాయి. బోర్డు చూసి మొదటి రోజే జనం వస్తారు. ఎన్నడూ వ్యాపారం చేయనివాడికి ఇది సొంతంగా సంపాదించుకోవాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. కట్టే డబ్బంతా ఆ రెండు మూడేళ్ల కోసమే. కాబట్టి ఆ పేరుకి తెనాలి బస్టాండు దగ్గర నిజంగా అంత పిలుపు ఉందా అన్నది అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో ఉన్న పేరు తెనాలిలో ఉండాలని లేదు.

రెండో షాపు

ఇద్దరి దారులూ ఎక్కడ విడిపోతాయో తేటగా చూపించే సందర్భం ఒకటుంది. అదే కంపెనీ ఏడాది తర్వాత కిలోమీటరు దూరంలో ఇంకొకరికి షాపు ఇచ్చిందనుకోండి. బావ అమ్మకం 2,20,000కి పడిపోయింది. కొత్తాయనదీ అంతే. ఇద్దరికీ చెరో 5,800 మిగులుతుంది. ఇద్దరూ అప్పుల్లో ఉన్నట్టే. కంపెనీకి మాత్రం 3 లక్షల మీద 15 వేలు వచ్చే చోట 4,40,000 మీద 22 వేలు వస్తుంది. పైగా ఇంకో 3 లక్షల ఫీజు, రెండు షాపులకీ సరుకు అమ్మకం.

కంపెనీ మోసం చేయాలనుకోనక్కర్లేదు. అమ్మకం మీద వాటా తీసుకునేవాడికి మొత్తం అమ్మకం పెరిగితే చాలు, లాభం మీద బతికేవాడికి తన షాపు నిండాలి. అందుకే 'ఇంత దూరంలో ఇంకో షాపు ఇవ్వం' అన్న మాట నోటితో కాదు, కాగితం మీద ఉండాలి. డెలివరీ యాప్‌ల ఆర్డర్లు ఎవరి కిందికి వస్తాయన్నది కూడా రాసి ఉండాలి.

తెలివైన కంపెనీకీ ఇందులో హెచ్చరిక ఉంది. మునిగిన షాపు మూతపడితే ఆ ఊళ్లో పేరు కూడా మూతపడుతుంది. వేగంగా ఫీజులు పోగేసుకున్నవాడికి మొదటి రెండేళ్లు బాగుంటాయి. తర్వాత రాయల్టీ కట్టే షాపులే మిగలవు.

సంతకానికి ముందు

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979 నుంచి అమలు చేస్తున్న ఒక నిబంధన ఉంది. ఇప్పుడు దాని ప్రకారం ఫ్రాంచైజీ అమ్మేవాడు 23 అంశాలతో ఒక వివరాల పత్రాన్ని సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. కంపెనీ మీద కేసులు, మొత్తం ఖర్చు, మూతపడ్డ షాపుల లెక్క, వదిలిపోయినవాళ్ల వివరాలు అందులో ఉంటాయి. మన దేశంలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు. కాంట్రాక్టు చట్టం, ట్రేడ్‌మార్కుల చట్టం, వినియోగదారుల, పన్నుల చట్టాలు తలో భాగం చూస్తాయి. కాబట్టి ఆ వివరాలు మనమే వెతుక్కోవాలి.

మేం మూడు పనులు చేశాం. మొదటిది, ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పేరు ఎవరి పేరిట రిజిస్టరైందో చూశాం. దరఖాస్తు పెట్టడం వేరు, రిజిస్టర్ కావడం వేరు. పేరే ఖాయం కాని కంపెనీ దగ్గర పేరు అద్దెకి తీసుకోవడంలో అర్థం లేదు. రెండోది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కాబట్టి కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో చిన్న రుసుము కట్టి వాళ్ల లెక్కలు తీసుకున్నాం. అందులో చూడాల్సింది ఒక్కటే. ఆదాయంలో కొత్త షాపుల ఫీజు ఎంత, పాత షాపుల రాయల్టీ ఎంత? రాయల్టీ ఏటేటా పెరుగుతుంటే పాత షాపులు నడుస్తున్నట్టు. ఫీజే ఎక్కువైతే ఆ కంపెనీ టీ అమ్మడం లేదు, బోర్డులు అమ్ముతోంది. మూడోది, ఒప్పందం అయిపోయాక ఏమవుతుందో చదివాం.

ఈ మూడోది చాలామంది చూడరు. ఒప్పందం అయిదేళ్లు. తర్వాత బోర్డు దించేయాలి. అయిదేళ్లు బావ పెంచిన గిరాకీ కంపెనీ పేరు మీద ఉంటుంది, మెషీన్లు ఎవరు కొంటారో రాసి లేదు. ఒప్పందం ముగిశాక మూడేళ్లు టీ వ్యాపారమే చేయకూడదని ఒక షరతు కూడా ఉంది. మన కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం వృత్తి, వ్యాపారం చేయకుండా అడ్డుకునే ఒప్పందం సాధారణంగా చెల్లదు. అయితే ఒప్పందం నడుస్తున్న కాలంలో పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు వేరు. 1995లో గుజరాత్ బాట్లింగ్ కంపెనీ, కోకా కోలా మధ్య కేసులో సుప్రీంకోర్టు అలాంటి షరతుని సమర్థించింది. అంటే సంతకం పెట్టిన ఆ అయిదేళ్లూ పక్కన ఇంకో టీ బ్రాండు నడపడానికి వీలుండదు. ఆ తర్వాతి మూడేళ్ల షరతు కోర్టులో నిలవకపోవచ్చు, కానీ కోర్టుకి వెళ్లే ఓపిక, డబ్బు ఎవరికి ఎక్కువ?

ఇదే షరతుని కంపెనీ వైపు నుంచి చూడమన్నాను మేనకోడల్ని. ఏళ్ల తరబడి దిద్దుకున్న పద్ధతంతా నేర్పించాక, ఆ మనిషి బోర్డు మార్చి అదే షాపులో అదే టీ అమ్మితే? ఆ భయం కూడా నిజమే.

మూడో వరస

బావ చివరికి ఒక పని చేశాడు. అదే కంపెనీ షాపు ఉన్న పక్క జిల్లా ఊరికి వెళ్లి, ఒక మంగళవారం, ఒక ఆదివారం ఎదురుగా కూర్చుని లోపలికి వెళ్లినవాళ్లని లెక్కపెట్టాడు. మంగళవారం 240, ఆదివారం 310. మా లెక్కకి కావాల్సింది 320 పైన, అదీ రోజూ. రెండో రోజు సాయంత్రం ఆ యజమానితో మాట్లాడితే, మొదటి మూడు నెలలు జనం బాగా వచ్చారనీ, తర్వాత సగటు ఇదేననీ దాచకుండా చెప్పాడట.

తిరిగొచ్చి కంపెనీకి మూడు ప్రశ్నలు రాశాడు. ఎంత దూరం లోపల ఇంకో షాపు ఇవ్వరు? అయిదేళ్లయ్యాక మెషీన్లు ఎంతకి తీసుకుంటారు? మొదటి ఏడాది అమ్మకం 2 లక్షల లోపుంటే రాయల్టీ మానేస్తారా? మూడోదానికి ఆరు నెలల వరకు సరే అన్నారు. రెండోది చూద్దామన్నారు. మొదటిదానికి, అగ్రిమెంటు అందరికీ ఒకటే, మార్చలేం అని జవాబొచ్చింది. బావ ఇంకా సంతకం పెట్టలేదు.

మేనకోడలు మాత్రం అసైన్‌మెంటు తిరగరాసింది. లాభం, నష్టం అన్న రెండు వరసల పక్కన మూడోది గీసి, దాని మీద 'ఒప్పందంలో ఎక్కడ రాసి ఉంది' అని పెట్టింది. కంపెనీ ప్రతి లాభానికి ఎదురుగా తీసుకునేవాడు కట్టే ధర ఉంది, ఆ ధరకి ఎదురుగా ఒక క్లాజు నంబరు ఉంది. వాళ్ల నాన్న కాగితాల్లో వెతికి నింపింది. కొన్ని చోట్ల గడి ఖాళీగా మిగిలింది. తండ్రి చేతిలో పెట్టి, "నాన్నా, ఈ ఖాళీలు వాళ్లచేత నింపించు" అంది.